సుకుమారి దరఖాస్తులో ముప్పావు ఇంచు

సుకుమారికి కుట్టుపని ఎవరూ నేర్పలేదు. ఈ మాట ఆమె గొప్పగా చెప్పుకోదు, కాస్త ఫిర్యాదుగానే చెబుతుంది. పదమూడేళ్లప్పుడు తల్లి దేవమ్మ పాత జాకెట్టు ఒకటి తీసుకుని, బ్లేడుతో కుట్లన్నీ ఊడదీసి, ముక్కలు నేల మీద పరిచి, ఏది ఎక్కడ అతుక్కుంటుందో చూసి నేర్చుకుంది. మళ్లీ కుట్టేసరికి ఆ జాకెట్టుకి ఒక చెయ్యి ముందుకీ ఒక చెయ్యి వెనక్కీ తిరిగాయి. అయినా దేవమ్మ దాన్నే తొడుక్కుని చర్చికి వెళ్లింది. పాటలు పాడినంతసేపూ చేతులు కట్టుకునే నిలబడింది. కూతురి మీద ఆమెకున్న ప్రేమ అలాంటిది.

చేతిలో టేపు లేదు గనుక సుకుమారి కొలతలకి ఓ దారి కనిపెట్టింది. బట్ట అంచు నుంచి సన్నటి పేలిక చింపి, దాన్ని మనిషి ఒంటికి పెట్టి, కొలత వచ్చిన చోటల్లా ముడి వేసేది. మనిషికో పేలిక. తర్వాత టేపు కొనుక్కుంది కానీ ముళ్లు మానలేదు. పైగా ఎడమ పక్కకి వేరే, కుడి పక్కకి వేరే కొలిచేది. బొల్లారం మందుల కంపెనీల్లో డబ్బాలు మోసే ఆడవాళ్ల భుజాలు రెండూ ఒకే ఎత్తులో ఉండవని ఆమెకి పేలికలే చెప్పాయి. చిట్కుల్‌లో ఆమె ముందుగదిలో మేకుకి వేలాడే ఆ పేలికల గుత్తి చూసి కొత్తవాళ్లు ఇదేదో దిష్టి తీసే సామాను అనుకునేవాళ్లు.

రెండువేల నాలుగు ఎండాకాలం. సుకుమారికి ఇరవై ఏళ్లు. ఓపెన్ స్కూల్లో కట్టి ఇంటర్ గట్టెక్కింది. హైదరాబాదులో ఒక విశ్వవిద్యాలయం ఫ్యాషన్ డిజైన్ డిగ్రీకి దరఖాస్తులు పిలిచిందని పేపర్లో పడింది. నాలుగేళ్ల చదువు. మార్కులతోపాటు రెండు పేజీల ఉద్దేశ పత్రం పంపాలి. ఎవరు నువ్వు, ఇప్పటిదాకా ఏం పని చేశావు, ఈ చదువే ఎందుకు, చదివి ఏం చేస్తావు? అది నచ్చితేనే ఇంటర్వ్యూకి పిలుస్తారు. వయసు లెక్కన ఆమెకిదే ఆఖరి ఏడాది.

ఇలాంటి పనులకి ఆ చుట్టుపక్కల సుందర్‌రాజు సారే దిక్కు. సర్కారు హైస్కూలు హెడ్మాస్టరు, గెజిటెడ్ అధికారి. జేబులో మూడు పెన్నులుండేవి. దిద్దడానికి ఎరుపు, రాయడానికి నీలం, సంతకానికి ఆకుపచ్చ. ఆకుపచ్చ పెన్ను తీసినప్పుడు ఆయన వీపు దానంతటదే నిటారుగా అయ్యేది. ఆరేళ్లుగా ఆయన ప్యాంట్లు సుకుమారే కుడుతోంది.

"నువ్వు కుట్టిన ప్యాంటు నిలువుగా పడుతుంది సుకుమారీ. పటాన్‌చెరువు దర్జీలకి ఈ పని రాదు," అనేవాడు ఆయన. "అయితే నా కాళ్లు కూడా అంత తిన్నగా ఉన్నాయిలే."

సుకుమారి తల వంచుకుని నవ్వు మింగేసేది.

సారు ఆమె ఉద్దేశ పత్రాన్ని ఒక్క పూటలో ఇంగ్లీషులో రాసిచ్చాడు. ఆమెను ఒక్క ముక్కా అడగలేదు. సుకుమారి దాన్ని భద్రంగా పెద్దమ్మ కూతురు గ్రేస్ దగ్గరికి తీసుకెళ్లింది. గ్రేస్ పటాన్‌చెరువులో ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లీషు పంతులమ్మ.

"శైశవం నుంచే వస్త్రకళ నా హృదయంలో అగ్నిజ్వాలలా రగులుతున్నది," అని గ్రేస్ తెలుగు చేసి చదివింది.

"అమ్మో! గా బట్టలు కాలిపోవా అక్కా?"

"ఇంకా విను. ప్యారిస్ నగర వీధులు నిత్యం నా స్వప్నాలలో సంచరించును."

"నాకు కల ఎప్పుడొచ్చినా ఇస్నాపూర్ చౌరస్తానే వస్తది. గది కూడ బస్సు తప్పిపోయినట్టు." సుకుమారి ముఖం చిన్నబోయింది. "ఇంటర్వ్యూల గీ మాటలు అడిగితే నేనేం జెప్పాలె?"

గ్రేస్ ఫారం తిరగేసింది. ఆమెకి కాగితం మీద చిన్న అక్షరాలు చదివే అలవాటుంది. ఆ అలవాటు లేకపోతే ఈ కథే లేదు. "సూడు. ఇంగ్లీషుల గాని, హిందీల గాని, తెలుగుల గాని రాయొచ్చట. ఇగ సూడు, ఆఖరి పేజీల. 'ఈ పత్రం అభ్యర్థి స్వయంగా తన మాటల్లో రాసినదని, నేను చదివి ధ్రువీకరిస్తున్నాను.' గెజిటెడ్ అధికారి సంతకం జెయ్యాలె."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సారు తను రాసినదాన్నే, పిల్ల స్వయంగా రాసిందని తనే సంతకం చేయబోతున్నాడు!

"ఊడదీస్త," అంది సుకుమారి.

పాత జాకెట్టుని ఊడదీసినట్టే ఊడదీసింది. గ్రేస్ ఒక్కో వాక్యం చదవడం, అది తనకి సరిపోదనుకుంటే సుకుమారి కొట్టేయడం. రెండు పేజీల్లో చివరికి మిగిలింది తన పేరు, తండ్రి దేవదానం పేరు, ఊరు చిట్కుల్. అవి మాత్రం కొలతకి సరిగ్గా సరిపోయాయి.

మర్నాడు మిషను మీద తెల్లకాగితం పెట్టుకుని తెలుగులో రాయడం మొదలుపెట్టింది. గ్రేస్ చెప్పింది ఒక్కటే మాట, "చెయ్యనిది రాయకు, చేసింది దాయకు." సుకుమారి ఆ రెండో సగాన్ని మరీ గట్టిగా పట్టుకుంది.

బొల్లారంలో మందుబిళ్లలు ప్యాకింగు చేసే శివమ్మ వాళ్ల కోసం ఇరవై తెల్లకోట్లు కుట్టిన సంగతి రాసింది. కంపెనీ ఇచ్చినవి మగవాళ్ల కోట్లు. చీర మీద తొడిగితే ముందు గుండీలు పడవు, కూర్చుంటే నడుము పట్టేస్తుంది. తను వెడల్పుగా కుట్టింది, అందంగా పెద్ద గుండీలు పెట్టింది, పైజేబు కూడా పెట్టింది. మూడో రోజు ఒక గుండీ తెగి బిళ్లల డబ్బాలో పడింది. ఇరవై కోట్లూ మూటకట్టి వాపసు వచ్చాయి. ఆ రోజు తను అన్నం తినలేదనీ రాసింది. తర్వాత జేబులు తీసేసి, గుండీలకి బదులు వీపు వెనక నాడాలు పెట్టి, కూర్చుని లేవడానికి పక్కన మడత వదిలి మళ్లీ కుట్టింది. ఇప్పుడు మూడు కంపెనీల ఆడవాళ్లు ఆమె కోటే వేసుకుంటారు.

"బట్ట చూసేవాళ్ల కోసం కాదు, వేసుకుని పనిచేసేవాళ్ల కోసం అని అప్పుడు తెలిసింది," అని రాసింది. "నాకు కొలవడం వచ్చు, కుట్టడం వచ్చు. కాగితం మీద నమూనా గీయడం రాదు. నేను ఒక్కొక్కరికి కుట్టగలను, వెయ్యి మందికి సరిపోయేలా కొలతల పట్టిక తయారుచేయలేను. అది నేర్చుకోవాలి. ఫ్యాక్టరీలో పనిచేసే ఆడవాళ్ల కొలతలతో రెడీమేడు కోట్లు తయారుచేయాలి. నా దగ్గర రెండువందల పద్నాలుగు మంది పేలికలు ఉన్నాయి."

కలం జోరందుకుంది. జోరులో ఇది కూడా రాసింది. "ఒంటి సంగతి దర్జీకి తెలుస్తుంది, బయటికి చెప్పకూడదు. మా ఊళ్లో ఒక పెద్దమనిషికి ఎడమ కాలు అర ఇంచు పొట్టి. ఆరేళ్లుగా ఆ పక్క మడత అర ఇంచు ఎత్తి కుడుతున్నాను. ఆయనకి తెలియదు. తన కాళ్లు తిన్నగా ఉన్నాయని సంతోషంగా ఉంటాడు. ఆ సంతోషం కూడా నా కుట్టులో భాగమే."

రాసింది చదువుకుంటే తనకే ముచ్చటేసింది. శుభ్రంగా తిరగరాసి, రేపు గడువనగా సారు గుమ్మం ఎక్కింది.

కాగితం ఆయన చేతికి ఇచ్చాక గానీ ఆమె బుర్ర వెలగలేదు. 'చదివి ధ్రువీకరిస్తున్నాను.' సారు చదువుతాడు! బయటికి చెప్పకూడదు అని రాసిన కాగితాన్నే తీసుకెళ్లి ఎవరి గుట్టో వాళ్ల చేతిలోనే పెట్టింది. మళ్లీ రాసుకొస్తానని లాక్కుందామంటే ఆయన అప్పటికే కళ్లజోడు పెట్టుకున్నాడు.

"నేను రాసింది ఏమైంది?" అన్నాడు ముందు.

"ఊడదీసిన సార్. నాకు లూజయింది."

సారు కాగితం దగ్గరికి జరుపుకున్నాడు. ఎరుపు పెన్ను చేతిలోకి వచ్చింది. మొదటి పేజీలో రెండు దీర్ఘాలు దిద్దాడు. గుండీ డబ్బాలో పడ్డచోట "అయ్యో" అన్నాడు. రెండో పేజీ తిప్పాడు. సగం దాకా వచ్చాడు. ఆగిపోయాడు.

సుకుమారి గుమ్మం అవతల విడిచిన తన చెప్పుల వంక చూస్తోంది. ఇక సంతకం లేదు, దరఖాస్తు లేదు, డిగ్రీ లేదు. రేపు సాయంత్రంలోగా ఇంకో గెజిటెడ్ అధికారిని ఎక్కడ పట్టుకుంటుంది? అంతకన్నా ఎక్కువగా, ఇంత మంచి మనిషి మనసు కష్టపెట్టానే అన్న బాధ ఆమెను నమిలేస్తోంది.

"సార్... తప్పయింది. గా ముక్క తీసేస్త."

సారు తల ఎత్తలేదు. "ఎప్పుడన్న ఎవలకన్న జెప్పినవా?" ఆయన నోట ఊరి మాట రావడం ఆమె అదే మొదటిసారి వినడం.

"మా అమ్మకు గూడ జెప్పలే సార్."

ఆయన కుర్చీలోంచి లేచాడు. కిటికీ దాకా నడిచి, తిరిగి వచ్చాడు. ఆ నడకలో కుంటు ఉందని ఆరేళ్లలో మొదటిసారి ఇద్దరూ ఒకేసారి చూశారు. కూర్చుని ఎరుపు పెన్ను మూత తీసి, ఒక మాట కొట్టేసి, పైన ఇంకో మాట రాశాడు.

"చిన్నప్పుడు బావి గట్టు మీదికెల్లి పడ్డ. నాకు తెల్వదని రాసినవ్. తెల్వకేం, తెలుసు. నీకు తెల్వదనుకున్న." ఆయన కళ్లజోడు తుడుచుకున్నాడు. "ఇగ కొలత గూడ తప్పు. అర ఇంచు ఆరేండ్ల కిందటి మాట. ఇప్పుడు ముప్పావు. తప్పుడు కొలత మీద నేను సంతకం బెట్ట."

ఆ తర్వాత ఆకుపచ్చ పెన్ను తీశాడు. వీపు నిటారుగా అయింది. ఆఖరి పేజీలో నిండు సంతకం చేసి, స్టాంపు గుద్ది, రెండో పేజీకి వచ్చాడు. దిద్దుబాటు ఉన్నచోట పక్కన పొట్టి సంతకం పెట్టాలన్నది నియమం. నియమమంటే నియమమే. 'ముప్పావు' పక్కన ఆకుపచ్చ ఇంకుతో పొట్టి సంతకం పెట్టాడు.

"పేలిక దెచ్చినవా? లేకపోతే నా ధోవతి అంచు చింపు," అంటూ కాలు ముందుకు చాచాడు.

సుకుమారి ఏడుస్తూ నవ్వుతూ అంచు చింపి, ముప్పావు దగ్గర ముడి వేసింది.

ఇంటర్వ్యూలో బల్లకి అవతల ముగ్గురు కూర్చున్నారు. సుకుమారి పేలికల గుత్తి బల్ల మీద పెట్టింది. పెద్ద మేడం ఒక పేలిక తీసి ఎవరిదని అడిగింది. సుకుమారి ముళ్లు తడిమి, "శివమ్మది మేడం, ఎడమ భుజం దిగి ఉంటది, డబ్బా గా పక్కకే మోస్తది," అంది. సీటు అక్కడే ఖాయమైందని మన నమ్మకం. కానీ మేడం ఇంకో ప్రశ్న కూడా అడిగింది. రెండో పేజీ మీద వేలు పెట్టి, "ఇక్కడ అర కొట్టేసి ముప్పావు అని ఉంది. పక్కన గెజిటెడ్ సంతకం ఉంది. ఎవరి కాలి సంగతో ఈ అధికారికి ఎలా తెలుసమ్మా?" అంది.

సుకుమారి పేలికల గుత్తిని తన వైపు లాక్కుంది. దర్జీ బయటికి చెప్పకూడదు.

"ఆయన మంచిగ కొలుస్తడు మేడం," అంది.