పూజగదిలో నేను లేని ఆ మధ్యాహ్నం

ఇది చాలా ఏళ్లుగా నా లోపల ఉంది. ప్రార్థనలో మోకరించినప్పుడల్లా మిగతావన్నీ ప్రభువుకు చెప్పి, దీని దగ్గరికి రాగానే మాట మార్చేస్తాను. ఆయనకు తెలుసు కదా అని సర్దిచెప్పుకుంటాను. ఆయనకు తెలియడం, నేను చెప్పడం ఒకటేనా? కాదు. అందుకే ముందు మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కరలేదు.

మొయినాబాదులో ఒక పెద్దామె ఇంట్లో, పైభాగంలో కిరాయికి ఉంటున్నాము. కింద ఆమె ఒక్కతే. నేను ఆమెను అవ్వా అంటాను, ఆమె నన్ను బిడ్డా అంటుంది. ఆమెది పొలాలున్న పాత కుటుంబం. మాది సంఘానికి వెళ్లే ఇల్లు. ఆదివారం పిల్లలకు వాక్యం నేర్పేది నేనే. క్రిస్మస్‌కు మా ఇంటి కేకు ఆమె తింటుంది. ఆమె పండుగలకు గారెలు పంపుతుంది, దేవుడికి నైవేద్యం పెట్టకముందే నా కోసం పక్కకు తీసి. ఆ సంగతి ఆమె ఎప్పుడూ చెప్పలేదు. ఒకసారి నేనే చూశాను.

ఇది జరిగిన ఏడాది ఆమె మోకాలి ఆపరేషన్ కోసం హైదరాబాదు దవాఖానలో ఉంది. తాళాలు నా దగ్గర. ఇంతలో పూజగది గోడ చెమ్మగిల్లి సున్నం ఊడసాగింది. మిద్దె మీది ట్యాంకు నుంచి కిందికి వచ్చే పైపు ఆ గోడలోనే ఉంది. అవ్వకు ఫోన్ చేసి చెప్పాను.

"ప్లంబరు మల్లేశును పిలిచిన బిడ్డా, బుధవారం పగటేల వస్తడు. తలుపు తీసి దగ్గరుండు. వాని మీద అనుమానం గాదు. రేపు ఏమన్న పోతె, ఏమన్న పలిగితె, నేను లేని ఇంట్ల వాని పేరే జెప్తరు. నువ్వుంటె వానికి గూడ అండ. ఆఁ, గోడ కొట్టకముందే దేవుళ్లను తీసి మంచం మీద పెట్టాలె. పైన ఎర్రగుడ్డ కప్పిన గూడున్నది సూడు, అండ్ల మీ పెదబాపు శంఖం ఉన్నది. అది మొదలు తియ్యి. మీ పద్ధతికి అడ్డమైతె ఇప్పుడే జెప్పు, ఆలూరు నుంచి మా ఆడబిడ్డను పిలుస్త."

పెదబాపు అంటే ఆమె భర్త. బతికున్నన్నాళ్లు రోజూ పొద్దున ఆ శంఖం ఊదేవారట.

"అడ్డమేముందవ్వా, నేను చేస్తా" అన్నాను.

ఎందుకన్నాను? ఆమె అంత నమ్మకంతో అడిగితే కాదనలేకపోయానా? లేక మంచిదాన్ని అనిపించుకోవడం అంత తియ్యగా ఉందా? రెండూ అనుకుంటాను. రెండోదే ఎక్కువ.

మల్లేశు వచ్చాడు. ముందు మిద్దె ఎక్కి ట్యాంకు దగ్గర వాల్వు కట్టేశాడు. కింది కుళాయి విప్పి పైపులో మిగిలిన నీళ్లు పోనిచ్చాడు. తర్వాత కాళ్లు కడుక్కుని పూజగది గడప దగ్గర నిలబడి నా వైపు చూశాడు. నేను లోపలికి అడుగు పెట్టలేకపోయాను. విగ్రహాల గురించిన ఆజ్ఞ నోటికొచ్చినదాన్ని, పిల్లలకు చెప్పేదాన్ని. చేతులు లేవలేదు.

మల్లేశు నవ్వాడు. "ఏమక్కా, ముట్టుకుంటె మీ యేసయ్య కొడ్తడా ఏంది? జరుగు, నేను తీస్త. నాకందరు కావలసినోళ్లే."

అతడే తీశాడు. చంటిపిల్లల్ని పడుకోబెట్టినట్టు ఒక్కొక్కటే మంచం మీద పెట్టి గుడ్డ కప్పాడు. ఆ రోజు మా వీధి చివరి ఇంట్లో స్త్రీల ప్రార్థన కూడిక ఉంది. వాక్యం చెప్పాల్సింది నేను. ఇప్పుడే వస్తా తమ్మీ అని వెళ్లిపోయాను. గూటి సంగతి చెప్పలేదు. మరిచిపోయానని మీతో అనవచ్చు. కానీ గడప దగ్గర ఒక్క క్షణం గుర్తొచ్చింది. చెబితే, అంత ఎత్తున ఉన్నదాన్ని అందుకోవడానికి నన్ను స్టూలు పట్టుకోమంటాడు, లోపలికి రమ్మంటాడు. అందుకని చెప్పలేదు.

తిరిగి వచ్చేసరికి పని చక్కగా అయిపోయి ఉంది. ఉలితో గోడ తొలిచి, పైపు వంపు దగ్గర పగిలిన బెండు ఉన్నంత మేర కోసి, కొత్త బెండూ పైపు ముక్కా జిగురుతో అతికించాడు. అది ఆరేదాకా ఆగి వాల్వు విప్పి, ఎక్కడా చుక్క కారడం లేదని చూశాకే సిమెంటు పూశాడు. దేవుళ్లందరూ ఎవరి చోటికి వాళ్లు చేరారు. అతను మాత్రం మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్లో ఎర్రగుడ్డ, గుడ్డలో రెండు ముక్కలైన శంఖం.

"గుడ్డ ఎనుక గూడున్నదని నాకేమెరుకక్కా? ఉలి దెబ్బకు గోడ అదిరి కింద పడ్డది." ముక్కలను గుడ్డలో చుట్టి నా చేతికిచ్చాడు. "అవ్వకు నువ్వే జెప్పు. నేను జెప్తె సాకు అనుకుంటది. నువ్వు జెప్తె నమ్ముతది."

"చెప్తా తమ్మీ, ఫికర్ చెయ్యకు" అన్నాను.

అతను వెళ్లాక ఫోన్ చేశాను. నేను దగ్గరే ఉన్నానవ్వా, గూట్లో శంఖం ఉందని చెప్పాను, అతనే వినకుండా కొట్టాడు అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చాయి ఆ మాటలు!  అవ్వ ఒక్కటే అడిగింది:

"పోనీ తియ్యి బిడ్డా. పెంకు గిట్ల నీ మీద పడలేదు గద?"

అప్పుడే చెప్పి ఉండాల్సింది. అంత దయ ముందు నోరు విప్పవచ్చు కదా? కానీ ఆ దయను పోగొట్టుకోలేకపోయాను. లేదవ్వా, నాకేం కాలేదు అన్నాను.

అవ్వ అతన్ని ఒక్క మాట అనలేదు. మళ్లీ పిలవలేదు, అంతే. ఎవరైనా అడిగితే మాత్రం బాధగా చెప్పేది: పిలగాడు మంచోడే గని చెయ్యి దురుసు, మా బిడ్డ పక్కన నిలవడి జెప్పంగనె పలగ్గొట్టిండు అని. ఇక్కడ ఫాంహౌసుల యజమానులు పట్నంలో ఉంటారు. ఎవరో ఒకరికి ఫోన్ చేసి తలుపు తీయిస్తారు. మనుషుల్లేని ఇళ్లలో పని చేసేవాడికి పేరొక్కటే ఆధారం. అతని పేరు పోయింది. ఒక్కో ఇల్లూ అతన్ని పిలవడం మానేసింది. కొన్నాళ్లకు చేవెళ్లలో పైపుల దుకాణంలో పనికి కుదిరాడు. ఒకసారి అక్కడ బస్సు దిగుతుంటే ఎదురయ్యాడు. "బాగున్నవా అక్కా? అవ్వ మోకాలు ఎట్లున్నది?" అన్నాడు. మరేమీ అడగలేదు. నేను ఏం చెప్పానో అతనికి తెలుసు. తెలిసే అవ్వ మోకాలి గురించి అడిగాడు.

ఒక ఆజ్ఞ తప్పుతానేమోనని భయపడి గడప దాటనిదాన్ని. అబద్ధ సాక్ష్యం గురించిన ఆజ్ఞను మాత్రం అదే సాయంత్రం తేలిగ్గా తొక్కేశాను. ఆదివారం పిల్లలు వరుసగా ఆజ్ఞలు అప్పజెబుతూ అక్కడికి వచ్చేసరికి నేను కిటికీ వైపు చూస్తాను. నిజానికి ఆ రోజు అడ్డమని చెప్పి ఉంటే అవ్వ నొచ్చుకునేది కాదు. ఆలూరు నుంచి ఆడబిడ్డ వచ్చేది. నా విశ్వాసం నన్ను అబద్ధమాడమనలేదు. నా గొప్ప కోసమే ఆడాను.

నిన్న అవ్వ మెట్ల కింద నిలబడి పిలిచింది. కూతురి దగ్గరికి పోతోందట, వంటింట్లో కుళాయి మార్చడానికి కొత్త ప్లంబరు వస్తాడట. "నువ్వుంటవు గద బిడ్డా, నాకేం రంది" అంది. ఉంటానని అనలేకపోయాను. పొద్దున వచ్చి మాట్లాడతా అవ్వా అన్నాను.

ఇప్పుడు పొద్దునే. కింద ఆమె వాకిలి ఊడుస్తున్న చప్పుడు వినిపిస్తోంది. చెప్పాక ఆమె నన్ను బిడ్డా అంటుందో లేదో తెలియదు. మల్లేశు పోగొట్టుకున్న ఏళ్లను ఎవరూ తిరిగి ఇవ్వలేరు. దేవుడు క్షమిస్తాడని ఇతరులకు చెప్పే నేను, ఆ మాట వెనుక ఈ ఒక్కసారి దాక్కోను. అవ్వ ముందు నోరు పెగలాలని చెప్పాల్సిన రెండు మాటలను ముందు ఇక్కడ రాస్తున్నాను. గూట్లో శంఖం ఉందని నేను మల్లేశుకు చెప్పలేదు. అది పడ్డప్పుడు నేను అక్కడ లేను.

రాసేశాను.  కిందికి వెళుతున్నాను.