నీరోగో భవ

నేను జూనియర్ కాలేజీలో సంస్కృతం చెబుతాను. మూసాపేటలో ఇల్లు. శనివారం ఉదయం మెట్రోలో మియాపూర్ దాకా వెళ్లి, అక్కడినుంచి ఆటోలో తెల్లాపూర్ చేరి, ఒక పెద్ద గేటెడ్ కమ్యూనిటీ క్లబ్‌హౌస్‌లో పెద్దవాళ్లకు సంస్కృతం నేర్పుతాను. రెండేళ్ల కిందట ఇరవై మందితో మొదలైన తరగతి, విభక్తులు వచ్చేసరికి ఏడుగురికి దిగింది. ఆ ఏడుగురూ మాత్రం గట్టివాళ్లు.

అందులో ఇద్దరి గురించి చెప్పాలి. ఒకాయన గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ చేస్తాడు, సొంతూరు జనగామ దగ్గర. ఏ సూత్రం చెప్పినా ల్యాప్‌టాప్‌లో పట్టికగా మార్చుకుంటాడు. ఇంకొకామె నర్సు. గుంటూరు వైపు క్రైస్తవ కుటుంబం. కూతురు ఇంటర్ మొదటి సంవత్సరంలో సంస్కృతం తీసుకుంది. అందరూ తీసుకున్నారని తీసుకుంది, తీరా సంధుల దగ్గర ఏడుపు మొదలుపెట్టింది. దగ్గర కూర్చుని చదివించాలంటే ముందు తనకు రావాలి కదా అని తల్లి నా తరగతిలో చేరింది. రాత్రి డ్యూటీ చేసి నేరుగా వచ్చిన రోజులు కూడా ఉన్నాయి. ఒక్క శనివారం మానలేదు.

విసర్గ సంధి చెప్పిన రోజు నేను బాగా తడబడ్డాను. కాలేజీ అలవాటు కొద్దీ బోర్డు నిండా పట్టిక గీశాను. పదం చివర రెండు చుక్కలుగా రాసే విసర్గ, దాని తర్వాత వచ్చే హల్లును బట్టి మారుతుందని, ఎక్కడ ఏమవుతుందో వరసగా చదివాను. తలెత్తి చూస్తే ఆరు ముఖాలు మూతపడి ఉన్నాయి.

సాఫ్ట్‌వేర్ ఆయన ఒక్కడే హుషారుగా ఉన్నాడు. మనః, హరం కలిస్తే మనోహరం, తపః, వనం కలిస్తే తపోవనం అని నేను చెప్పగానే రూలు దొరికిందనుకున్నాడు. "గట్లయితే మనఃలో విసర్గ పోయి ఓ వస్తది. మనోపూర్వకంగా ధన్యవాదాలు మేడం" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

కాదని చెప్పక తప్పలేదు. అది మనఃపూర్వకం. అక్కడ విసర్గ కదలదు. ఎందుకు కదలదని ఆయన అడిగాడు. తర్వాత ప ఉంది కాబట్టి అన్నాను. ప ఉంటే ఏమని అడిగాడు. పరుషం కనుక అన్నాను. పరుషాలు, సరళాలు అనే మాటలు బడిలో విన్నవాళ్లే అందరూ, కానీ ఎవరికీ గుర్తులేవు.

అప్పుడు నర్సు తన గొంతు మీద రెండు వేళ్లు పెట్టుకుంది. "స్‌స్‌స్ అని సాగదీసి చూడండి. ఇక్కడేమీ కదలదు. ఇప్పుడు మ్‌మ్‌మ్ అనండి" అంది. అందరూ గొంతులు పట్టుకుని మూలిగారు. క్లబ్‌హౌస్ సెక్యూరిటీ గార్డు తలుపు తీసి చూసి మళ్లీ మూసేశాడు. "మొదటిది ఊపిరేనండి. రెండోదానికి గొంతు అదురుతుంది" అంది ఆమె. చెవి ముక్కు గొంతు విభాగంలో పనిచేస్తుందని ఆ రోజే తెలిసింది.

ఇన్నేళ్లుగా నేను చెబుతున్న పాఠం నాకే కొత్తగా కనిపించింది. బోర్డు తుడిచేసి మళ్లీ మొదలుపెట్టాను. గొంతు అదిరే హల్లులు ఒకవైపు రాశాను: గ, జ, డ, ద, బ, వాటి ఒత్తు రూపాలు, ఞ, న, మ లాంటి అనునాసికాలు, య, ర, ల, వ, హ. వీటి ముందు అః ఉంటే ఓ అవుతుంది. రామః గచ్ఛతి అన్నది రామో గచ్ఛతి. సంస్కృతంలో హ కూడా గొంతు అదిరే శబ్దమే కనుక మనోహరం. అదే విసర్గకు ముందు ఇకారమో ఉకారమో ఉంటే ఓ రాదు, రేఫ, అంటే ర్ వస్తుంది: నిః, జనం కలిస్తే నిర్జనం, దుః, గంధం కలిస్తే దుర్గంధం. దీర్ఘమైన ఆ ఉంటే విసర్గ జారిపోతుంది. దేవాః గచ్ఛంతి కాస్తా దేవా గచ్ఛంతి.

ఇక గొంతు అదరని హల్లులు. ఇక్కడ నాలుకను చూసుకోమన్నాను. తర్వాత త ఉంటే నాలుక పళ్ల దగ్గరికి పోవాలి. విసర్గ ముందే అక్కడికి చేరి స అవుతుంది. మనః, తాపం కలిసి మనస్తాపం. చ ఉంటే అంగిలి దగ్గర శ: నిశ్చయం. ట ఉంటే నాలుక పైకి మడతపడుతుంది కాబట్టి ష: ధనుష్టంకారం. క, ప ముందు మామూలుగా విసర్గ అలాగే ఉండిపోతుంది: అంతఃకరణం, మనఃపూర్వకం. అయితే నిః, దుః లాంటి వాటిలో అక్కడ కూడా ష వస్తుంది: నిష్కారణం, దుష్ఫలితం. శ, ష, స ముందు రెండు దారులూ తెరిచే ఉంటాయి. మనఃశాంతి అన్నా సరే, మనశ్శాంతి అన్నా సరే.

"ఇవన్నీ మనం మాట్లాడే మాటలే కదండీ" అంది నర్సు ఆశ్చర్యంగా. అవునన్నాను. ఆ తర్వాత వారమంతా తన దగ్గరికి వచ్చిన ప్రతి మాటనూ విప్పి చూసుకుందట. ఆ రోజు తరగతి ముగిసే సమయానికి ఇంకొక్క సంగతి గబగబా చెప్పాను. ఇకార ఉకారాల తర్వాత విసర్గ రేఫగా మారుతుంది సరే, తర్వాత వచ్చేది కూడా రేఫే అయితే? రెండు రేఫలు పక్కపక్కన నిలవవు. మొదటిది పోతుంది. పోతూ తన ముందున్న అచ్చును దీర్ఘం చేసిపోతుంది. ఉదాహరణ ఇచ్చేంతలో యోగా బ్యాచ్ వాళ్లు చాపలతో వచ్చేశారు.

తర్వాతి బుధవారం కాలేజీకి బయల్దేరి మెట్రోలో నిలబడి ఉన్నాను. గేటెడ్ కమ్యూనిటీ అసోసియేషన్ సెక్రటరీ ఫోన్ చేశాడు. ఆయన తెల్లాపూర్ ఊరివాడే. తండ్రి జొన్న వేసిన నేల ఇప్పుడు మా క్లబ్‌హౌస్ పార్కింగ్ అని నవ్వుతూ చెప్పే మనిషి. కొత్త యోగా హాలు గోడ మీద తెలుగు లిపిలో, ఇత్తడి అక్షరాలతో ఒక సంస్కృత వాక్యం పెట్టిస్తున్నారు. "మేడం, గీ రెండు మాటలు జర చూడున్రి. తప్పుంటే గిప్పుడే చెప్పున్రి, పని మొదలువెడ్తున్నరు" అన్నాడు. ఫోన్‌లో వచ్చింది చూశాను: నిరోగః భవ. రోగం లేనివాడివి కా అని అర్థం. పక్కనున్నావిడ బ్యాగు నా మోచేతికి గుచ్చుకుంటోంది. భ గొంతు అదిరే హల్లు, అః కాబట్టి ఓ. నిరోగో భవ అని దిద్ది పంపాను. ఎంత చప్పున దిద్దానో అని మనసులో కాస్త మురిసిపోయాను కూడా.

శనివారం వెళ్లేసరికి హాలు గోడ మీద అక్షరాలు మిలమిలా మెరుస్తున్నాయి. పదకొండింటికి ప్రారంభోత్సవం. మా తరగతి తొమ్మిదిన్నరకు. కూర్చోగానే నర్సు చెయ్యెత్తింది. మొహంలో మొహమాటం.

"మేడమ్ గారూ, తప్పయితే ఏమనుకోకండి. మా దగ్గరికొచ్చే ప్రతి పేషెంటూ నీరసంగా ఉంది సిస్టర్ అంటారు. నిః, రసం కలిస్తేనే కదండీ నీరసం? పోయిన వారం మీరు చెప్పిన చివరి రూలు ప్రకారం ని దీర్ఘమై నీ అయింది. మరి నిః, రోగః కలిస్తే నీరోగః అవ్వాలి కదా. గోడ మీద పొట్టి ని ఉందేంటండి?"

ఆ రూలు చెప్పింది నేను. దిద్దినదీ నేనే. ఆ మాట చివర చూసుకున్నాను గాని దాని మొదటి అక్షరం చూడలేదు. చిన్నప్పటినుంచి నిరోగి అనే మాట వినీ వినీ కన్ను దాని మీదుగా జారిపోయింది. ఒక్క క్షణం, వాడుకలో అలాగే అంటారులే అని తప్పించుకుందామా అనిపించింది. ఆమె అడిగిన తీరు చూశాక నోరు రాలేదు.

"మీరు చెప్పిందే సరి. తప్పు నాది" అన్నాను. సాఫ్ట్‌వేర్ ఆయన అప్పటికే పట్టికలో కొత్త వరస చేర్చుకుంటున్నాడు. ఆయన మొహంలో ఆనందం దాచుకోలేకపోయాడు. మేడమ్ కూడా తప్పు చేస్తారని తెలిసిన ఆనందం అది. నేను ఏమీ అనుకోలేదు.

తరగతంతా నా వెంట లేచి వచ్చింది. సెక్రటరీ పూలదండ వేలాడదీయిస్తున్నాడు. సంగతి చెప్పాను. ఆయన గోడవైపు, నావైపు మార్చి మార్చి చూశాడు. అందరూ నిరోగి అనే అంటరు కదా, ఎవరు పట్టించుకుంటరు అన్నాడు. నర్సు మెల్లిగా నీరసం సంగతి విప్పి చెప్పింది. ఆయన రెండుసార్లు నిరసం, నీరసం అని పలికి చూసుకున్నాడు. నిరసం అన్నప్పుడు ఆయనకే నవ్వొచ్చింది. "అవ్ మల్ల. నిరసం అని ఎవరంటరు" అన్నాడు.

అక్షరాలు బిగించిన మేస్త్రీ లైట్లు సరిచేయడానికి అక్కడే ఉన్నాడు. నడివయసు మనిషి, తన పని మీద మాట పడిందని కొంచెం చిన్నబుచ్చుకున్నాడు. పని బాగుందని, తప్పు రాసిచ్చిన నాదేనని గట్టిగా చెప్పాక తేరుకున్నాడు. ని తీసి కొత్తది పెట్టాలంటే రెండు రోజులు పడుతుందన్నాడు. అంతలోనే గుడి చివర ఒక చిన్న వంపు కలిపితే దీర్ఘం అయిపోతుంది కదమ్మా అన్నాడు. కాగితం మీద ఆ వంపు గీసి ఇచ్చాను. మిగిలిన ఇత్తడి రేకులోంచి కత్తిరించి, ఆకురాయితో అంచులు నునుపు చేసి, నిచ్చెనెక్కి జిగురుతో అంటించి అరగంటసేపు టేపు వేసి ఉంచాడు. కింద మేమంతా మెడలు పైకెత్తి నిలబడ్డాం. టేపు తీసినప్పుడు వంపు నిలిచింది. సంతోషంతో నర్సు నా చెయ్యి పట్టుకుంది.

ప్రారంభోత్సవంలో సెక్రటరీ నన్ను మాట్లాడమన్నాడు. నేను నర్సును ముందుకు తోశాను. ఆమె మైకు అందుకుంది. నీరసం మాటను విప్పింది, నీరోగం మాటను కట్టింది, వందమంది చేత గొంతు మీద వేళ్లు పెట్టించి మ్‌మ్‌మ్ అనిపించింది. ముందు వరసలో కూర్చున్న ఆమె కూతురు తల దించుకుంది, కానీ వేళ్లు మాత్రం గొంతు మీదే ఉన్నాయి. ఆ తర్వాతి శనివారం ఆ పిల్ల కూడా తల్లితో వచ్చింది.

ప్రారంభోత్సవం ముగిసి ఉప్మా తింటుంటే ఉదయం యోగా బ్యాచ్ ఆడవాళ్లు నలుగురు వచ్చారు. నీరోగః అంటే మగవాళ్లకే కదా, మా సంగతేంటని ఒకావిడ అడిగింది. ఆడవాళ్లకు నీరోగా భవ అన్నాను. అక్కడ విసర్గ ఏ రూలుతో జారిపోయిందని వెంటనే ప్రశ్న. పోయిన వారం మా బోర్డు మీద మిగిలిపోయిన దేవా గచ్ఛంతి చూసి, గుర్తుపెట్టుకుని అడిగినట్టుంది. లేదమ్మా, స్త్రీలింగంలో ఆ మాటకు మొదటినుంచీ విసర్గే లేదు, జారడానికేమీ లేదు అన్నాను. పక్కనే ఉన్న సెక్రటరీ ఉప్మా ప్లేటు కింద పెట్టాడు.

"ఇగ ఇంకో బోర్డా మేడం?" అన్నాడు దీనంగా.