హారతి ఆగినంతసేపు

తొంభైల్లో దేవేంద్ర నగర్‌లోని నా వీడియో దుకాణం పెళ్ళి బరాత్‌ల ఊరేగింపు వీడియోలకి పెట్టింది పేరు. ఢోల్ మీద దెబ్బ దెబ్బకీ ఒక బొమ్మ మారేది. నా అంత ఎడిటర్ రాయపూర్‌లో లేడని అందరికీ నేనే చెప్పేవాణ్ణి. ఇంకెవరూ చెప్పేవారు కాదు మరి.

ఆ పొగరుతోనే అమ్మ భజన వీడియో నెత్తిన వేసుకున్నాను. రైల్వే కాలనీలో తెలుగువాళ్ళ భజన బృందానికి అమ్మే పెద్ద. శ్రీరామనవమి సాయంత్రం కేబుల్లో తన పాట వస్తుందని కూరల బండివాడితో సహా అందరికీ చెప్పేసింది. అది నవ్వులపాలైతే ఆవిడ ఇక కాలనీలో తలెత్తుకోలేదు.

ముందు పాటంతా టేపు మీదికి ఎక్కించి, దాని మీద బొమ్మలు పరుచుకుంటూ పోయాను. ఢోలక్ ఒక దెబ్బకి తాళాలు, ఇంకో దెబ్బకి గంట, తర్వాత రాముడు, అమ్మ నోరు, దీపం. మధ్యమధ్య నక్షత్రం ఆకారంలో బొమ్మ విచ్చుకునేది. నా భుజం నేనే తట్టుకున్నాను.

పండక్కి రెండు రోజుల ముందు అమ్మని దుకాణానికి పిలిచి చూపించాను. చివర్లో హారతి రాగానే ఆవిడ టీవీ వైపు రెండు చేతులూ చాపింది. అంతలో హారతి పోయి గంట వచ్చింది. చేతులు వెనక్కి తీసుకుంది. మళ్ళీ హారతి వచ్చింది, మళ్ళీ చాపింది. ఈసారి పక్కింటావిడ మొహం వచ్చింది. నేను ఫక్కున నవ్వాను. అమ్మ నవ్వలేదు.

"ఏట్రా ఇది? కళ్ళకద్దుకుందామంటే లాగేసుకుంటన్నావు. ఇది భజనా, బరాతా?"

నాకు ఒళ్ళు మండింది. ఒక్క దెబ్బా తప్పలేదు చూడమని వాదించాను.

"భజనలో కూకుని దెబ్బ దెబ్బకీ తల తిప్పితే మెడ పట్టేస్తాది. నేను పాడితే నన్ను చూస్తారు, అందరూ అందుకుంటే అందర్నీ చూస్తారు. అంతే కదేటి?"

అంతే. నాకే ఇన్నాళ్ళూ తట్టలేదు, సిగ్గేసింది.

పాట ముట్టుకోకుండా బొమ్మలు మాత్రం మార్చాను. అమ్మ నుంచి బృందానికి పాట చేతులు మారే చోట, తాళం తిరిగి మొదటి దెబ్బకి వచ్చినప్పుడే కట్ చేశాను. మిగతా దెబ్బలన్నీ వాళ్ళ చేతుల్లోని తాళాలే చూసుకున్నాయి. నక్షత్రాలు తీసేస్తుంటే మాత్రం ప్రాణం ఉసూరుమంది.

హారతి బొమ్మని తెర మీద ఎంతసేపు ఆపాలో తేలలేదు. అదృష్టం కొద్దీ కెమెరాలో దాన్ని పూర్తిగా తీసుకున్నాను. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. ఆవిడ మంచం మీంచి లేచి టీవీ దాకా రావడానికి ఎంతసేపు పడుతుందో నేనే ఆవిడలా మెల్లగా నడిచి చూసుకుని, అంతసేపూ ఆపాను.

నవమి సాయంత్రం మా ఇల్లు ఆడవాళ్ళతో నిండిపోయింది. హారతి రాగానే అందరూ చేతులు చాపి కళ్ళకద్దుకున్నారు. అమ్మ మోకాళ్ళు పట్టుకుని లేచి, అందరికన్నా చివర్న వచ్చింది. హారతి ఇంకా ఉంది. తీరిగ్గా చేతులు చాపి కళ్ళకద్దుకుంది. మళ్ళీ చాపి, ఆ చేతులు తెచ్చి నా కళ్ళకద్దింది.