కొబ్బరి కోరు చల్లిన ఉగాది

ఈ ఏడు ఉగాదికి ఇంకా నాలుగు రోజులుందనగా, పొద్దున్నే కాఫీ తాగుతూ ఫోన్ తీస్తే, అది నన్నడగకుండానే ఒక పాటేదో మోగించి, మూడేళ్ల కిందటి ఫోటో ఒకటి తెర నిండా పరిచి, మీ మధుర జ్ఞాపకం అంటూ చూపించింది. నేనూ, మా ఆయనా, కొడుకూ, కోడలూ, మనవరాలూ, అయిదుగురం ఆవపిండి రంగూ మెరూన్ అంచూ కలిసిన కొత్త బట్టల్లో, నడుమ రాగి గిన్నె పట్టుకుని నవ్వుతున్నాం. ఆ నవ్వుల్లో నా నవ్వు చూస్తే నాకే రోత పుట్టింది. ఫోన్ బోర్లించి పెట్టాను గాని, ఒకసారి కళ్లబడ్డది బోర్లిస్తే పోతుందా.

నా ఈడువాళ్లకు ఉగాది అంటే ఫోటో కాదని మళ్లీ చెప్పనక్కర్లేదు. మా ఆయనకు హైదరాబాదులో గవర్నమెంటు ఉద్యోగం వచ్చి, గోదావరి దగ్గరి పల్లె నుంచి పెళ్లయిన కొత్తలో నేను దిగింది కూకట్‌పల్లి హౌసింగ్ కాలనీలో, మా బావగారి వాటాలో. రెండు గదులు, రెండు కాపురాలు. వంటింట్లో మా తోటికోడలిదే రాజ్యం. నేను ఆవిణ్ణి మొదటి రోజు నుంచీ అక్కా అనే పిలిచాను, నాకు సొంత అక్క లేదు కనక ఆ పిలుపుకి వేరే హక్కుదారులెవరూ లేరు. పచ్చడి చెయ్యడం నేర్పింది ఆవిడే. మా పుట్టింట్లో అమ్మ చేసి చేతిలో పెడితే నాకడమే తప్ప నాకేం తెలుసు.

పండగ పొద్దున తలంట్లు కాకముందే అక్క నన్ను లేపి, ప్రహరీ పక్కనున్న వేపచెట్టు కింద పాత చీర పరిపించి, కొమ్మ వంచి పువ్వు దులిపించేది. గుత్తులు తెచ్చి చాటలో పోసి, అరచేతుల మధ్య మెత్తగా నలిపితే తెల్లని రేకలు రాలేవి, కాడలూ ఈనెలూ పైకి తేలేవి, వాటిని ఊది పారెయ్యాలి. గట్టిగా నలిపితే పువ్వు నల్లబడుతుందనీ, ఎక్కువ కడిగితే చేదు నీళ్లపాలనీ చేతి మీద ఒక్కటిచ్చి మరీ చెప్పేది. కొత్త చింతపండు నానబెట్టి చిక్కగా పులుసు తీసి, అందులో కొత్త బెల్లం కోరి కలిపి, మామిడికాయ తొక్కతోనే సన్నగా తరిగి వెయ్యాలి, తొక్క తీసేస్తే వగరు పోతుంది. చిటికెడు ఉప్పు, కాస్త పచ్చిమిరప ముక్క. అన్నీ అయ్యాక, దేవుడి దగ్గర పెట్టబోయే ముందు మాత్రమే పువ్వు. మా కోస్తావాళ్ల పచ్చడి గరిటె జారుగా ఉంటే, పక్కింటి తెలంగాణ వాళ్లు కొత్త కుండలో పల్చగా కలిపి గ్లాసులతో తాగేవారు. రెండిళ్లూ ఒకదాన్నొకటి వెక్కిరించుకుంటూనే గిన్నెలు మార్చుకునేవి.

పరగడుపున అందరం వరసగా కూర్చుంటే బావగారు ఒక్కొక్కరి అరచేతిలో ఒక చెంచా పోసి, ముందు ఏ రుచి తగిలిందో చెప్పమనేవారు. తీపి అన్నవాళ్లకి ఇంకో చెంచా. పువ్వు పంటి కింద పడి మొహం చిట్లించేదాకా ఆయన వదలరు. మధ్యాహ్నం పంచాంగం తీసి అందరి రాశులూ చదివి, నా దగ్గరికి రాగానే అవమానం కాస్త హెచ్చుగానే ఉందమ్మాయ్ అని కళ్లజోడు పైనించి చూసి నవ్వేవారు. తరవాత మాకు వేరే ఇల్లయింది, కొడుకు ఉద్యోగంలో చేరి నల్లగండ్లలో ఫ్లాట్ కొన్నాక అటు వెళ్లిపోయాం, అయినా ఏ ఉగాదికీ అక్క ఫోన్ తప్పలేదు. పువ్వు దులిపాను, రండి. అంతే మాట. మెట్రో వచ్చాక మరీ సులువైంది.

మూడేళ్ల కిందట మా అపార్ట్‌మెంటు సంఘం వాళ్లు ఉగాది కుటుంబ చిత్రాల పోటీ అన్నారు. కొత్త బట్టల్లో కుటుంబం, చేతిలో షడ్రుచుల పచ్చడి, కింద కొత్త ఏడాదికి ఆశలు చెప్పే నాలుగు వాక్యాలు. పండగ పొద్దున ఏడింటికల్లా ఎవరి పేజీలో వాళ్లు పెట్టాలి. పండగనాడు కోడలికి ఆఫీసులో ఏదో తప్పని పని ఉండి, ముందు ఆదివారమే ఫోటో తీయించేద్దామంది. వారం ముందు పువ్వెక్కడిది? మా అంతస్తు ఊడ్చే మనిషి, నారాయణపేట వైపామె, నేను కిటికీలోంచి చెట్లకేసి చూడ్డం చూసి, "ఏందమ్మా, పువ్వు ఇంక మొగ్గ మీదనే ఉన్నది, పండగ దాంక ఆగరాదా" అంది. ఆమెకున్న బుద్ధి నాకు లేకపోయింది.

పువ్వు లేకపోతే ఏం, ఫోటోలో తెలుస్తుందా అని కొబ్బరి కోరు చల్లమని చెప్పింది నేనే. కోడలు కాదు, కొడుకు కాదు. ముప్ఫై ఏళ్లు బడిలో తెలుగు చెప్పినదాన్ని, అక్క చేతి కింద నలభై ఉగాదులు చేసినదాన్ని. తెల్లగా బాగానే కుదిరింది. ఎలాగూ తినేది కాదు కనక మామిడి ముక్కలు పెద్దవిగా తరిగాం, కారం వెయ్యనే లేదు. ఫోటోగ్రాఫరు లాబీలో నిలబెట్టి, చెంచా ఎత్తండి, దింపండి, బామ్మగారూ కాస్త నవ్వండి అంటూ గంటన్నర తిప్పాడు. మనవరాలు చెంచా నాకబోతే చీర మీద ఒలుకుతుందని నేనే చెయ్యి పట్టి ఆపాను. తరవాత ఆ పచ్చడంతా సింకులో పోశాం.

కింద రాత కూడా నాదే. రెండు రోజులు దిద్దాను. కొత్త బట్టలు, పాత బంధాలు, ఆరు రుచులు, ఒక్కటే కుటుంబం, ఈ ఏడాది మా ఇంట చేదు కాస్త తగ్గి తీపి కాస్త పెరగాలని ఆశ. ఇదీ ఆ రాత. ఇప్పుడు తలచుకుంటే వెగటుగా ఉంది గాని, ఆనాడు కొడుక్కి చదివి వినిపించి మెప్పు కోసం మొహంలోకి చూశాను. వాడు అది ఫోటోతో సహా ఎక్కించి, పండగనాడు ఏడింటికి దానంతటదే వెళ్లేలా టైము పెట్టాడు.

ఉగాది ముందు రోజు మధ్యాహ్నం, భోజనం చేసి మంచమ్మీద ఒరిగిన బావగారు మరి లేవలేదు. మేం కట్టుబట్టలతో కూకట్‌పల్లి పరిగెత్తాం. దాయాదులం, పది రోజులు మైల, ఇక పండగెక్కడిది, పచ్చడెక్కడిది. బెంగుళూరు నుంచి వాళ్ల కూతురు రావాలని మర్నాటిదాకా ఉంచారు. పొద్దున హాల్లో ఆయన్ని పడుకోబెట్టి తలాపున దీపం పెట్టి ఉంది. అక్క గోడకి ఆనుకుని కూర్చుంది, నేను ఆవిడ చెయ్యి పట్టుకుని పక్కన. చుట్టాలు ఎవరి ఫోన్లలో వాళ్లు, బయల్దేరినవాళ్లకి దారి చెబుతూ, అయ్యవారి కోసం వాకబు చేస్తూ ఉన్నారు. ఏడయింది.

ఒకరి తరవాత ఒకరి చేతిలో ఫోన్లు చిన్నగా మోగాయి. చూసినవాళ్లు నాకేసి చూసి తల దించుకున్నారు. అక్క సొంత చెల్లెలు మాత్రం దించుకోలేదు. లేచి వచ్చి, "ఏవండీ, ఇది మీరేనా" అని ఫోన్ మా ఇద్దరి మధ్యకి చాపింది. అయిదుగురం నవ్వుతున్నాం. కింద నా రాత. అక్క దాన్ని కొసదాకా చదివింది, నిదానంగా, నా చేతిలోంచి తన చెయ్యి తీసుకుని కళ్లు తుడుచుకుని మరీ చదివింది. కొడుకు బాల్కనీలోకి పరిగెత్తి తీసేసేలోగా కిందన పూలూ చప్పట్లూ వచ్చి పడ్డాయి, ఎంత ముచ్చటైన కుటుంబమండీ అని ఎవరో రాశారు. శవం ముందు కూర్చుని నేను అది కూడా చదివాను. నా మీద నాకు అంత అసహ్యం అంతకు ముందెప్పుడూ కలగలేదు.

పదకొండో రోజు జనం పల్చబడ్డాక వంటింట్లో అక్క ఒక్కతీ దొరికితే, మావాడు ముందే టైము పెట్టాడక్కా, ఆ కంగారులో ఆపడం మరిచిపోయాడు, అని ఏడుస్తూ చెప్పాను. ఆవిడ బియ్యంలో రాళ్లేరుతూ, "తెలుసులే అమ్మాయ్, మరుపు ఎవరికైనా వస్తుంది" అంది. నేను ఊపిరి పీల్చుకునేలోపు, చాట మీంచి తల ఎత్తకుండానే, "పచ్చట్లో పువ్వు లేదుగా. కొబ్బరి కోరు" అంది.

అంతే. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఎత్తి నాలుగు తిట్టినా బాగుండును. మరిచిపోవడం మా ఖర్మ, కోరు చల్లడం నా పని, ఆవిడ రెండిటినీ విడదీసి చూసింది. మా బావగారు పంటి కింద వెతికించిన పువ్వు లేకుండానే నేను పచ్చడి కానిచ్చానని, ఆయన పక్కన కూర్చునే తెలుసుకుంది.

మరుసటి ఏడు వాళ్లకి పండగ లేదు. ఆ పై ఏడు నేను తెల్లారుజామునే తలంటుకుని ఫోన్ ఎదురుగా పెట్టుకు కూర్చున్నాను. రాలేదు. పెళ్లిళ్లలో కలిస్తే పలకరిస్తుంది, మోకాళ్ల నొప్పి ఎలా ఉందంటుంది, ఆదరణకేం లోటు లేదు. ఆ ఒక్క ఫోనే లేదు.

ఈ ఏడు ఆ ఫోటో చూశాక మనసు ఊరుకోలేదు. కోడలు ఈసారీ నాలుగు వాక్యాలు రాసిపెట్టమంటే, నాకు రావమ్మా అన్నాను. పండగనాటి పొద్దున్నే ఊడ్చే ఆమెను వెంటబెట్టుకుని రైల్వే లైను వైపు వెళ్లి, "జర పైలం పెద్దమ్మా, కొమ్మ నేను వంచుత" అంటూ ఆమె వంచితే నేను దులిపాను. నలిపి, ఊది, కడగకుండా, పచ్చడి కలిపి, కాస్త పువ్వు విడిగా పొట్లం కట్టి, స్టీలు డబ్బాలో పెట్టి మా ఆయనతో కూకట్‌పల్లి పంపాను. పరగడుపునే ఉన్నాను. ఎవరికీ చెప్పలేదు గాని ఆ డబ్బా తిరిగొచ్చేదాకా నోట్లో ఏమీ వేసుకోలేకపోయాను.

మా ఇళ్లలో డబ్బా ఖాళీగా తిప్పి పంపరు. మీకూ తెలుసు. ఏమీ లేకపోతే చెంచాడు పంచదార, రెండు పచ్చిమిరపకాయలు, ఆఖరికి ఒక తమలపాకు. నలభై ఏళ్లలో ఆ వాటా నుంచి ఈ వాటాకి, ఆ ఇంటి నుంచి ఈ ఇంటికి ఎన్ని డబ్బాలు తిరిగాయో, ఒక్కటంటే ఒక్కటి వట్టిది రాలేదు. పదకొండింటికి మా ఆయన వచ్చారు. వదిన బాగానే మాట్లాడిందనీ, ఇడ్లీ పెట్టిందనీ, పచ్చడి తిన్నదీ లేనిదీ తాను చూడలేదనీ చెబుతూ సంచీలోంచి డబ్బా తీసి ఇచ్చారు. శుభ్రంగా తోమి, తడి లేకుండా తుడిచి ఉంది. మూత తీశాను, వట్టిది. ఆయనకి అందులో వింతేమీ కనపడలేదు.

మా రోజుల్లో చేదు పువ్వులో ఉండేది, చెంచాడు మింగి నీళ్లు తాగితే ఏడాదికి సరిపోయేది. ఇప్పుడు ఫోటోల్లో అది అక్కర్లేదు, కొబ్బరి కోరుతో ఆరు రుచులూ కుదిరిపోతాయి. నేనూ కుదిర్చినదాన్నే. ఆ మధ్యాహ్నం మిగిలిన పచ్చడి ఒక చెంచా అరచేతిలో వేసుకుని తిన్నాను. ముందు ఏ రుచి తగిలిందని అడిగేవాళ్లు ఎవరూ లేరు. డబ్బాని మూత పెట్టకుండానే అలమరలో పైన పెట్టాను.