పన్నెండు సంచులు, ఒక పరీక్ష

కల కనడానికి పిన్నికి నిద్ర అక్కర్లేదు. వంకాయ తరుగుతూ కంటుంది, పళ్లు తోముకుంటూ కంటుంది, ఎవరైనా తిడుతుంటే ఆ తిట్టేవాళ్ల ముఖంలోకి చూస్తూ కూడా కంటుంది. డిగ్రీ రెండో ఏడాదిలో ఉండగా ఆ కలల్లో ఒకటి దారి తప్పి ఏకంగా ఇంట్లోకే వచ్చేసింది. మేడమీది గదిలో పుట్టగొడుగులు పెంచి, వీధిలో వాళ్లకి అమ్మాలన్నది ఆ కల.

ఆ గది తాతయ్యది. ముప్పై ఏళ్లు బస్సు కండక్టరుగా నిలబడి నిలబడి, ఉద్యోగం అయ్యాక పడుకోవడానికని ఆయన కట్టించుకున్నది. ఒకటే కిటికీ, ఎండ తగలని గోడలు. తాతయ్యకి దాన్ని చూస్తే మధ్యాహ్నపు నిద్ర కనిపించేది. పిన్నికి మాత్రం పైకప్పు నుంచి వేలాడే తెల్లటి సంచులు కనిపించాయి. ఇద్దరి కలలకీ చోటు చాలదు కాబట్టి ఒకరు దిగి రావాలి. కడగొట్టు కూతురు కదా, తాతయ్యే దిగి వచ్చి హాల్లో పడుకున్నారు.

చూసేవాళ్లకి అది వ్యాపారంలా ఉండేది కాదు. వరిగడ్డిని బెత్తెడు ముక్కలుగా నరికి రాత్రంతా నానబెట్టేది. మర్నాడు గంటసేపు వేడినీళ్లలో ఉంచి నీడన ఆరబోసేది. పిడికిట్లో పట్టి పిండితే చెయ్యి తడవాలి గానీ చుక్క రాలకూడదు. ఆ అదను కోసం పిన్ని గడ్డిని పిండి పిండి చూస్తుంటే, అమ్మమ్మ "దానికి జ్వరమేమైనా ఉందా ఏమిటే, అలా నాడి చూస్తున్నావ్?" అనేది. ఆ తరువాత ప్లాస్టిక్ సంచిలో ఒక వరస గడ్డి, ఒక వరస విత్తనం, మళ్లీ గడ్డి. మూతి కట్టి, చుట్టూ చిన్న చిల్లులు పెట్టి, తాడుకి వేలాడదీయడమే. ఇక ఇరవై రోజులు చీకటి.

ఆ చీకట్లోనే పిన్నికి అసలు సుఖం. విత్తనం నుంచి తెల్లటి నూలు పోగులు బయల్దేరి గడ్డంతా అల్లుకుంటాయి. మొదట మంచు పట్టినట్టు ఉంటుంది, తరువాత మబ్బు కమ్మినట్టు. సంచి మొత్తం తెల్లబడ్డాక కిటికీ తెరిచి, కాస్త వెలుతురూ గాలీ ఇచ్చి, రోజుకి రెండు మూడుసార్లు నీళ్లు చిలకరిస్తే చిల్లుల్లోంచి మొగ్గలు తొంగిచూస్తాయి. అక్కడినుంచి మూడు నాలుగు రోజుల్లో కోత. గొడుగు అంచు పైకి తిరగబడక ముందే తెంపాలి. తిరగబడితే కింద పొడి రాలుతుంది, రుచి పోతుంది, కొనేవాళ్లు పెదవి విరుస్తారు. పిన్ని పుస్తకం పట్టుకుని ఆ గదిలో కూర్చునేది. పుస్తకం ఒళ్లో ఉండేది, పిన్ని మబ్బుల్లో ఉండేది.

మొదటి కోత గణాంక శాస్త్రం పరీక్ష రోజునే వచ్చింది. ఇంకొక్క సంచి, ఇంకొక్క సంచి అంటూ తెంపుతూ కూర్చుని, కాలేజీకి పరిగెత్తేసరికి గేటు మూసేశారు. పుట్టగొడుగులు వీధిలో అందరికీ నచ్చాయి. పరీక్ష మాత్రం పోయింది.

తాతయ్య అరవలేదు. బస్సులో టికెట్ లేనివాణ్ణి చూసినట్టు కాసేపు చూశారు.

"సప్లిమెంటరీ ఎప్పుడు?"

"వచ్చే నెల నాన్నా. గురువారం."

"ఈసారి ఆ పేపరు పోతే గది నాది. సంచులూ తాళ్లూ అన్నీ దింపేస్తాను. గట్టెక్కితే నీది. మధ్యలో దిగడాల్లేవు."

ఆ గది లేకపోతే పిన్ని మబ్బులెక్కడ వేలాడదీస్తుంది? అందుకని జీవితంలో మొదటిసారి లెక్క వేసింది. పరీక్ష రోజుకి సంచులు ఇంకా చీకట్లోనే, మూసిన కిటికీ వెనకే ఉండేలా చూసి పన్నెండు కట్టింది. పరీక్ష రాసి వచ్చి, ఆ సాయంత్రం కిటికీ తెరుద్దామనుకుంది. లెక్కలో తప్పేమీ లేదు. అమ్మమ్మని లెక్కలో వేసుకోలేదు, అంతే.

శనివారం పిన్ని కాలేజీకి వెళ్లాక అమ్మమ్మ బట్టలు ఆరేయడానికి మేడెక్కింది. గదిలోకి తొంగిచూస్తే పన్నెండు సంచులూ తెల్లగా, బిగుసుకుపోయి, మూసిన కిటికీ వెనక ఉక్కపోస్తున్నట్టు కనిపించాయి. అమ్మమ్మది జాలిగుండె. కిటికీ బార్లా తెరిచింది. చెంబుతో నీళ్లు తెచ్చి చేత్తో చిలకరించింది. ఆదివారం కూడా, పిన్ని కింద తలుపేసుకుని చదువుకుంటుంటే, చప్పుడు చెయ్యకుండా వెళ్లి మళ్లీ చిలకరించింది.

సోమవారం పొద్దున్న చిల్లులన్నిట్లోంచీ ఆవగింజలంత మొగ్గలు.

"అమ్మా! ఎవరు తెరిచారు కిటికీ?"

"నేనే. ఊపిరాడక చస్తున్నాయి పాపం. నువ్వైతే పరీక్షల ధ్యాసలో పడి పట్టించుకోవు కదా."

"నేను కావాలనే మూశానమ్మా! గాలీ వెలుతురూ నీళ్లూ తగిలితే లేచి కూర్చుంటాయవి!"

"లేచి కూర్చుంటే మంచిదేగా?"

పిన్ని వేళ్లు లెక్కపెట్టుకుంది. సోమ, మంగళ, బుధ. కోత సరిగ్గా గురువారం పొద్దున్నే. కంగారులో కిటికీ మూసేసింది. మంగళవారానికి గాలి చాలక కాడలు సాగాయి, గొడుగులు చిన్నబోయాయి. సన్నటి మెడలు చాచుకుని పన్నెండు సంచులూ తనవైపే చూస్తున్నట్టనిపించి, పాపమనిపించి మళ్లీ తెరిచింది. జాలిగుండె వంశపారంపర్యం కాబోలు.

బుధవారం సాయంత్రం అవి అరచేతిలో సగం ఉన్నాయి. ఆ పూటే తెంపి ఫ్రిజ్‌లో పెట్టేస్తే గొడవ లేదని పిన్నికి తెలుసు. కానీ ఒక్క రాత్రి ఆగితే రెట్టింపవుతాయని కూడా తెలుసు. కింద వాటాలోని టైలరక్క, తన దగ్గర బట్టలు కుట్టించుకునే వాళ్లందరికీ ముందే చెప్పి పెట్టింది. "ఇరవై ఇళ్లవాళ్లు గిన్నెలు పట్టుకుని వస్తారు, నా పరువు నీ చేతిలో ఉందమ్మాయ్," అని పొద్దున్నే గుర్తు చేసింది కూడా. పిన్ని ఆ సగం గొడుగుల్ని చూస్తూ నిలబడింది. తెల్లారేసరికి అవి పువ్వుల్లా పరుచుకుని ఉంటాయన్న ఊహ ఎంత బాగుందంటే, చెయ్యి వాటి దాకా వెళ్లి వెనక్కి వచ్చేసింది.

గురువారం అయిదింటికే మొదలుపెట్టింది. కిటికీలోంచి బూడిదరంగు వెలుతురు. ఒక్కో గుత్తినీ మొదట్లో పట్టుకుని మెల్లిగా మెలితిప్పితే చిన్న చప్పుడుతో ఊడి చేతిలోకి వస్తుంది, నిద్రపోతున్న పిల్లని ఎత్తుకున్నంత మెత్తగా. అంత మెత్తగా ఉంటే ఎవరు తొందరపడతారు? ప్రతి గుత్తినీ వెలుతురుకి పట్టి, అడుగున ఉన్న సన్నటి మడతల్ని చూసి మరీ బుట్టలో పెట్టేది. ఏడున్నరకి ఏడు సంచులయ్యాయి.

గుమ్మంలో తాతయ్య వాచీ చూసుకుంటూ నిలబడ్డారు.

"ఎనిమిదింపావు బస్సు. అది తప్పితే తొమ్మిదింటిది. అది గేటు మూశాక చేరుస్తుంది."

"ఇంకొక్క సంచి నాన్నా."

"పోయినసారి కూడా ఒక్క సంచే."

పిన్ని చేతిలో గుత్తి ఉంది. ఎదురుగా అయిదు సంచులు, నిండుగా, అంచులు అప్పుడే పల్చబడుతూ. మధ్యాహ్నానికి తిరగబడిపోతాయి. వదిలేస్తే వీధిలో మాట పోతుంది. తెంపితే గదే పోతుంది. అదేమిటో, అప్పటిదాకా మబ్బుల్లా కనిపించిన సంచులు ఆ క్షణాన ఉత్త గడ్డి సంచుల్లా కనిపించాయి. గుత్తిని బుట్టలో పెట్టి, చేతులు లంగాకి తుడుచుకుని లేచింది.

"అమ్మా, నీవల్ల మొలిచాయి, నువ్వే చూసుకో. మొదట్లో పట్టుకుని తిప్పు. లాగకు."

"వెళ్లవే తల్లీ, నాకు చెప్తావా!"

పరీక్ష హాల్లో పిన్ని మొదటి పావుగంట పైకప్పు వంక చూసింది. అయిదు సంచులు అక్కడ ఫ్యాన్ చుట్టూ మెల్లగా తిరుగుతున్నాయి. కాపలా ఉన్న మాస్టారు వచ్చి, "పైన జవాబులేం రాసిలేవమ్మా," అన్నారు. పిన్ని ఉలిక్కిపడి కిందికి దిగింది. అక్కడినుంచి తలెత్తలేదు. సగటు, మధ్యగతం, విచలనం, వచ్చినవన్నీ రాసింది. రానివి వచ్చినట్టు రాసింది.

ఇంటికొచ్చేసరికి బుట్టలు ఖాళీ. ఇరవై గిన్నెలూ నిండి వెళ్లిపోయాయట. టైలరక్క మెట్లమీదే ఎదురైంది, మెడలో టేపుతో, యుద్ధం గెలిచి వచ్చినట్టు.

"పెద్దమ్మగారికి తిప్పడం రావట్లేదమ్మాయ్. గడ్డంతా ఊడొచ్చేస్తోంది. నేనే కత్తెర తెచ్చి కట్ చేశాను. చూడు, ఎంత నీటుగా ఉందో."

పిన్ని గదిలోకి వెళ్లింది. అయిదు సంచుల మీదా కాడలు ఒకే ఎత్తున, గీత గీసి కోసినట్టు నిలబడి ఉన్నాయి.

"అక్కా, ఈ మొదళ్లు..."

"అంగుళం వదిలాను. కుట్టుకి వదలాలి కదా!"

పిన్నికి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. వదిలిన మొదళ్లు కుళ్లుతాయి, ఈగలు ముసురుతాయి, వారం పదిరోజుల్లో రావాల్సిన రెండో కోత పాడవుతుంది. ఆ మాట అనలేదు. "బాగా కోశావక్కా," అంది. అమ్మమ్మ పక్కకి వచ్చి కూర్చుంది. ఇద్దరూ చీకటి పడేదాకా ఒక్కో మొదలునీ గోటితో గిల్లి తీశారు. మధ్యమధ్య ఒకళ్ల భుజం మీద ఒకళ్లు ఒరిగారు. ఎవరు ఎవరిని క్షమాపణ అడిగారో తెలియదు.

ఆ అయిదు సంచుల్లో మూడు రెండో కోత ఇచ్చాయి, రెండు ఇవ్వలేదు.

నెల తిరిగాక ఫలితం ఫోన్‌లో వచ్చింది. పిన్ని చూసి, ఫోన్ తాతయ్య చేతికిచ్చి, గోడ వైపు తిరిగి నిలబడింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని, తీసి తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు.

"నలభై ఒకటి. ఎంతకి?"

"వందకి నాన్నా. ముప్పై అయిదొస్తే పాస్."

"ఆరు ఎక్కువే వేశారన్నమాట, పాపం."

అమ్మమ్మ వంటింట్లోంచి, "దాన్ని ఏడిపించకండి!" అని కేకేసింది.

తాతయ్య ఫోన్ తిరిగిచ్చేశారు. "సరే. గది నీది. కానీ సంచులు కట్టే తేదీ నాది. కాలేజీ టైమ్ టేబుల్ తెచ్చి నాకివ్వు. ఏ బండి ఎప్పుడు బయల్దేరాలో నేను చెప్తాను."

"పరీక్షలు ఇంకో నెలలో మొదలు నాన్నా."

"అయితే ఇప్పుడు కట్టవు."

పిన్ని టైమ్ టేబుల్ తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. సంచులు కట్టలేదు. ఖాళీ గది కడిగి, సున్నం వేసి, నేలమీద చాప పరిచి పుస్తకం తెరిచింది. ఆ నెలంతా అక్కడే చదివింది. అయిదో పేజీ దాటాక ఎక్కడికో వెళ్లిపోయేది. కాసేపయ్యాక తనంతట తనే తిరిగొచ్చి, ఆరో పేజీ తిప్పేది.