బక్కయ్య అర మీటరు

ప్రోగ్రాంలో ఆ రెండు లైన్లు శేఖర్ భయపడి రాశాడా, జాలిపడి రాశాడా? ఇప్పటికీ నాకు తేలలేదు. అడిగితే అతనికీ తెలియదనే చెబుతాడు.

శేఖర్‌ది కోరుట్ల. పదకొండేళ్లు మస్కట్‌లో గోదాములో పనిచేసి వచ్చి, నలభై దాటాక ఫోన్‌లో చూసి పైథాన్ అనే ప్రోగ్రాం భాష నేర్చుకున్నాడు. జగిత్యాలలో మెడికల్ షాపు మీది అంతస్తులో మా అయిదుగురి సాఫ్ట్‌వేర్ ఆఫీసు. అక్కడ అతను చేసిన మొదటి పని సిరిసిల్లలో ఒక సేఠ్ సాంచాల, అంటే మరమగ్గాల, షెడ్లది. షెడ్డులో అంజి అనే సూపర్‌వైజర్ ఏ నేతగాడు ఎన్ని మీటర్లు నేశాడో ఫోన్‌లో కొడతాడు. ప్రోగ్రాం వారం మొత్తం కూడి శనివారం సేఠ్‌కు జాబితా పంపుతుంది.

మొదట్లో ప్రోగ్రాం మధ్యలో ఆగిపోయేది. ఆగినప్పుడల్లా సేఠ్ అంజిని తిట్టేవాడు, అంజి శేఖర్‌కు ఫోన్ చేసి ఏడ్చినంత పని చేసేవాడు. ఒకనాడు శేఖర్ ఒక్కో నేతగాడి కూడిక చుట్టూ ‘చేసి చూడు’ అనే ట్రై పెట్టి, కింద ఏ తప్పో పేరు చెప్పని ఉత్త ఎక్సెప్ట్ అని రాసి, ఏ తప్పొచ్చినా ఆ మనిషి వారం మొత్తం సున్నా అనుకొమ్మని ప్రోగ్రాంకు చెప్పాడు. ఆ తర్వాత ప్రోగ్రాం ఒక్కసారీ ఆగలేదు. అంజి ఫోన్లూ ఆగిపోయాయి.

ఈమధ్య సింధూజ సీనియర్‌గా వచ్చింది. వయసులో శేఖర్ కంటే పదిహేనేళ్లు చిన్నది. ఎవరు ఏ మార్పు చేసినా తను చదవనిదే ప్రోగ్రాంలోకి పోనివ్వదు. శేఖర్ అదే ఫైలులో వేరే మార్పేదో చేసి పంపితే పాత లైన్లు ఆమె కంటపడ్డాయి. పక్కన కామెంట్ రాసింది: ‘అన్నా, ఇది అన్ని తప్పులనూ పట్టుకుని నోరు మూస్తున్నది. అసలు బగ్ దీని కింద దాక్కుంటది. ఇది తీసేసి అసలు డేటా మీద నడిపి చూడు.’

శేఖర్ మూడుసార్లు చదివాడు. సింధూజ కుర్చీ దాకా వెళ్లి అడిగాడు.

“ఆగుతలేదు కద మేడం. ఇంకేంది తప్పు?”

“ఆగాల్సిన కాడ ఆగకపోవుడే తప్పు అన్నా.”

ఆ మాట అతనికి ఎక్కలేదు. నడిచే బండిని ఆపమంటుందేమిటి? అయినా ఉత్త ఎక్సెప్ట్‌కు వాల్యూ ఎర్రర్, అంటే అంకె తప్పు, అని పేరు తగిలించి, లోపల సున్నా అట్లాగే ఉంచి పంపాడు. సింధూజ తిప్పి పంపింది. పేరు పెట్టి పట్టుకున్నా సున్నా ఇస్తే దాచినట్టే అంది. ఇక విధిలేక మొత్తం తీసేసి నడిపాడు.

బక్కయ్య పేరు దగ్గర ఆగింది. ‘42½’ అన్నది పూర్ణాంకం కాదని తెర మీద ఎర్రగా పడింది.

అంజికి ఫోన్ చేశాడు. ఒకటి అంకె మీద వేలు నొక్కి పట్టుకుంటే అర వస్తదని రెండు వారాల కిందటే తెలిసిందని అంజి చెప్పాడు. మిగతావాళ్లకు సగాలు వదిలేసి రాస్తాడట. బక్కయ్య మాత్రం నిలబడి తన అర మీటరు రాయించుకునేదాకా కదలడట. వారంలో ఒక్క అర పడితే చాలు, వారమంతా సున్నా. రెండు వారాలుగా జాబితాలో బక్కయ్య ఏమీ నేయనట్టే ఉంది. మూడో సున్నా వస్తే అతని సాంచాలు ఇంకొకరికి ఇస్తానన్నాడు సేఠ్. బక్కయ్య నేస్తున్నడని అంజి చెప్పుకున్నా, కంప్యూటర్‌కు నీ తీరు మొహమాటం ఉంటదా అన్నాడట సేఠ్.

అది శుక్రవారం. సాయంత్రానికి శేఖర్ అరను సున్నా పాయింట్ అయిదుగా చదివేలా మార్చాడు. చదవలేని అంకె వస్తే పేరుతో, తేదీతో బయటపెట్టేలా చేశాడు. సింధూజ సరేనంది. పాత రెండు వారాలూ మళ్లీ లెక్కించి కొత్త జాబితా పంపారు.

శనివారం శేఖర్ ఎవరికీ చెప్పకుండా వేములవాడ మీదుగా సిరిసిల్ల బస్సెక్కాడు. ఎందుకు పోతున్నాడో అతనికే తెలియదు. షెడ్డులో సాంచాల చప్పుడుకు మాట వినబడదు. అంజి బయటికి తీసుకొచ్చి, కంప్యూటర్ సారని చెప్పి బక్కయ్యను కలిపాడు. యాభై దాటిన మనిషి, చెవుల మీద దూది నూగు. సేఠ్ అతని సాంచాలు అతనికే ఉంచాడట. శేఖర్‌కు రెండు చేతులూ జోడించాడు.

“మీ పుణ్యాన బతికిన సార్. నేనే సగం సగం అని సతాయించి మిషన్ను ఖరాబు చేసిన.”

శేఖర్ నోరు తెరిచాడు. ఖరాబు చేసింది తానని చెప్పాలి. ఆ మాట ఎక్కడ మొదలుపెట్టాలి? ఎక్సెప్ట్ అనా? భయం అనా?

బక్కయ్య అంజి వైపు తిరిగాడు. “ఇగ నా అర రాయకు కొడుకా. నలభై రెండంటే నలభై రెండే.”

అంజి తలూపి చాయ్ చెప్పడానికి వెళ్లాడు. బక్కయ్య తెగిన పోగు చూసుకోవడానికి లోపలికి పరుగెత్తాడు. వాళ్లిద్దరూ తిరిగి వచ్చేసరికి శేఖర్ వీధి మలుపు తిరిగిపోయాడు.