గేట్లు దించినంక సాగర్

సూర్యాపేటలో సన్మాన పత్రం కావాలంటే అప్పట్లో నా దగ్గరికే వచ్చేవారు. వెయ్యికి పైగా రాశాను. వెయ్యి కాదులెండి, వంద ఉంటాయేమో. అందులోనూ సగం పేరు మార్చి మళ్లీ రాసినవే. రిటైరయ్యే హెడ్మాస్టరైనా, బదిలీ మీద పోయే తహసీల్దారైనా నా దగ్గర మాటలు సిద్ధంగా ఉండేవి. అనితరసాధ్యమైన, నిత్యచైతన్యశీలి, సౌజన్యమూర్తి. శాలువా కప్పి పటం చేతికిచ్చినప్పుడు దాన్నెవరూ చదవరు. ఎన్ని వరుసలున్నాయో మాత్రం చూస్తారు. వరుస తగ్గితే మర్యాద తగ్గినట్టే.

ఆ చేత్తోనే ఒకసారి నాగార్జునసాగర్ గురించి రాశాను. తంటా అక్కడ వచ్చింది.

నా మేనకోడలు కోదాడలో ఉండేది. కాలేజీలో పాఠాలు చెప్పేది, తీరిక దొరికితే ఇంటర్నెట్లో బ్లాగు రాసేది. చుట్టుపక్కల ఎక్కడికైనా పోయొస్తే, ఆ ప్రయాణం ముచ్చట్లు అందులో పెట్టేది. ఒక పత్రిక ఆదివారం పేజీ వాళ్లు అది చూసి, సాగర్ మీద ఒకటి రాసి పంపమన్నారు. నచ్చితే నెలనెలా చోటిస్తామన్నారు. అచ్చులో పేరు చూసుకోవాలని ఆ పిల్లకు చదువుకునే రోజుల నుంచే ఉంది. సరిగ్గా అప్పుడే స్కూటీ మీద నుంచి పడి కాలికి కట్టు వేయించుకుంది.

ఫోన్ చేసింది. "మామయ్యా, గేట్లు ఎత్తారంట. నువ్వెళ్లి చూసొచ్చి రాసివ్వవా? ఇద్దరి పేర్లూ వేయిస్తా. సోమవారం పొద్దున్నే పంపాలి."

మా దిక్కు సాగర్ గేట్లు ఎత్తిండ్రంటే ఇంట్లో ఎవరూ నిలవరు. జీపులు, వ్యాన్లు, ట్రాలీ ఆటోలు, అన్నీ అటే. శనివారం నేనూ, నాతో పనిచేసి రిటైరైన ఒక దోస్తూ వ్యానెక్కి పోయొచ్చాం. ఆదివారం పొద్దున నాలుగు పేజీలు జేబులో పెట్టుకుని కోదాడ బస్సెక్కాను.

మేనకోడలు కట్టు కాలును స్టూలు మీద పెట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చుంది. మొదటి వాక్యం పైకి చదివింది. "ప్రకృతిమాత ఒడిలో ఒదిగిన, మహోన్నతమైన, నయనానందకరమైన, అత్యద్భుతమైన నాగార్జునసాగర జలాశయం తన అపురూపమైన, అనిర్వచనీయమైన సౌందర్యంతో..."

అక్కడ ఆగింది. "మామయ్యా, ఈయనెప్పుడు రిటైరవుతున్నాడు?"

"ఎవరు?"

"ఈ జలాశయం."

నేను నవ్వలేదు. బాగా రాశాననే అనుకుంటున్నాను మరి.

"ఒక పని చేద్దాం," అంది. "ఒక్కో మాట తీసేసి చదువుదాం. తీసినా ఏమీ పోకపోతే అది ఉత్త బరువే. ఏదైనా పోయిందనిపిస్తే మళ్లీ పెడదాం."

మహోన్నతమైన పోయింది. ఏమీ కాలేదు. నయనానందకరమైన పోయింది. డ్యాం ఎక్కడిదక్కడే ఉంది. అత్యద్భుతం పోతుంటే నాకు కొంచెం కష్టమనిపించింది. అరగంటలో నాలుగు పేజీలు నాలుగు లైన్లయ్యాయి. సాగర్ పోయాం, గేట్లు ఎత్తారు, నీళ్లు దుంకుతున్నాయి, తిరిగొచ్చాం.

"గింత మంచిగ రాస్తే మొత్తం గొరిగినవ్," అన్నాను. "అద్భుతం అన్నంక ఇంకేం గావాలె?"

"అద్భుతం అంటే నీకు నచ్చిందని తెలుస్తుంది. చదివేవాడికి ఏమీ కనపడదు. ఇదే మాట చార్మినార్‌కీ పెట్టొచ్చు, మీ హెడ్మాస్టరుకీ పెట్టొచ్చు. గేట్ల దగ్గర నిలబడ్డప్పుడు నీకేం వినపడిందో చెప్పు."

"ఉరుము లెక్క వినవడ్డది."

"అందరూ అదే రాస్తారు. పక్కనున్నాయనతో మాట్లాడాలంటే అరవాల్సొచ్చిందా?"

"ఎందుకు? మామూలుగనే మాట్లాడుకున్నం."

కీబోర్డు మీద ఆమె వేళ్లు ఆగాయి. "ఎత్తిన గేట్ల ముందు మామూలుగా మాట్లాడుకున్నారా? నీళ్ల తుంపర మీద పడలేదా? చొక్కా తడవలేదా?"

"తడవలే."

"మామయ్యా."

ఇక దాచేందుకేం మిగల్లేదు. శనివారం పొద్దున మిర్యాలగూడలో టిఫిన్ దగ్గర ఆలస్యం చేసింది నేనే. త్రిపురారం దాటేదాకా బాగానే పోయాం. పెద్దవూర దగ్గర నుంచి బండి వెనక బండి, నత్తనడక. మేం డ్యాం కింది బ్రిడ్జి మీదికి చేరేసరికి గేట్లు దించేశారు. ఎత్తిన గేటు ఒక్కటి కూడా నేను చూడలేదు.

"చూడకుండానే నాలుగు పేజీలు రాశావా?"

"సన్మానం అందుకునేటాయనను గూడ నేనెన్నడు సూసిన బిడ్డా? పేరు చెప్తే రాసేటోణ్ణి."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. కట్టు మీద వేలితో గీతలు గీస్తూ కూర్చుంది. "సాగర్ వాళ్లు ఒక్కరు చదివినా, ఆ రోజు ఆ టైముకు గేట్లు ఎత్తి లేవని పత్రికకు ఫోన్ చేస్తారు. నెలనెలా సంగతి అటుంచు, బ్లాగు కూడా ఎవరూ నమ్మరు. పోనీలే, రాయలేకపోయానని చెప్పేస్తా."

ఆ మాటకు నా మనసు జర కలుక్కుమంది. మాట మార్చాలని, తోచింది చెప్పుకుంటూ పోయాను. "గేట్లు దించిండ్రు గని జనం పోలే. అందరి నెత్తులు తడిసి ఉన్నయ్. పొద్దుటి సంది ఆ మోతల అరుచుకుంట మాట్లాడి అలవాటైందేమో, మోత ఆగినా అరుస్తనే ఉన్నరు. మా దోస్తు చేపల ఫ్రై ఎంత అనడిగితే, అమ్మేటామె ఎదురుంగ నిలబడి, చెవిటోనికి చెప్పినట్టు అరిసి చెప్పింది. ఈయన గూడ గంతే జోరుగ బేరమాడిండు."

"ఆగు," అంది. "మళ్లీ చెప్పు, మెల్లగా."

చెప్పాను. ఆమె కొట్టుకుంటూ పోయింది. బ్రిడ్జి రెయిలింగ్ పట్టుకుంటే చల్లగా తగిలి, అరచేతికి సన్నటి బురద అంటింది. నీళ్లు దుంకినంత మేర సిమెంటు నల్లగా తడిసి ఉంది, అంచుల నుంచి తెల్లబడుతోంది. చేపల నూనె వాసనలో తడి బట్టల వాసన కలిసింది.

"నల్లగా, సన్నటి, తడి... ఇవి గూడ విశేషణాలే గదా," అన్నాను.

"తీసి చూడు."

తీసి చూశాను. నిజంగానే ఏదో పోయింది. మళ్లీ పెట్టించాను.

రుచి మరిగాక నన్నెవరు ఆపుతారు? మిర్యాలగూడ రైసుమిల్లుల దగ్గర ఉడికిన వడ్ల వాసన చెప్పాను. ఇడ్లీ మీద పోసిన అల్లం చట్నీ ఘాటు చెప్పాను. వ్యాన్ సీటు చినిగిన చోట గుచ్చుకున్నది కూడా చెప్పాను. అన్నీ కొట్టింది, అన్నీ చదివింది, చివరికి అన్నీ తీసేసింది. వడ్ల వాసన ఒక్క లైను ఉంచింది.

"చట్నీ నిజంగ తిన్నదే గదా బిడ్డా."

"నిజమే, బాగుంది కూడా. కానీ చదివేవాడు సాగర్ చేరాలి మామయ్యా. నువ్వు టిఫిన్ దగ్గరే కూర్చోబెట్టేశావు. వాసనలూ చప్పుళ్లూ ఆ బ్రిడ్జి మీదికి దాచుకో."

గేట్లు దించాకే చేరామని మొదటి లైన్లోనే రాసి, సోమవారం పొద్దున పంపింది. రెండో వారం అచ్చయింది. గేట్లు ఎత్తిన ముచ్చట మీద పత్రికకు సంచినిండా రాతలు వచ్చాయట. గేట్లు దించాక ఏముంటదో రాసింది ఇదొక్కటేనని, నెలనెలా పంపమని అచ్చుకు ముందే వాళ్లే ఫోన్ చేశారు.

పేపర్ రాగానే కోదాడ నుంచి ఫోన్ వచ్చింది. "మామయ్యా, హెడ్డింగ్ చూశావా? నయనానందకరం, సాగర్ సోయగం. నువ్వు చెప్పి పెట్టించావా?"

"నేనే పెట్టించిన. ఆ పేపర్ల నా మాట నడుస్తది," అన్నాను.

"మామయ్యా."

"లేదు బిడ్డా," అన్నాను. "ఆళ్లెవరో నాకు తెల్వనే తెల్వదు. వచ్చే నెల దానికి హెడ్డింగ్ గూడ మనమే పెట్టి పంపుదాం."